వడ్డీ 14,748, టీడీఎస్ 5,749: పాస్‌బుక్‌లో ఈ లెక్క ఎలా వచ్చింది?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 57. ఆవిడ పేరు మీద 2025 ఏప్రిల్ 1న 8 లక్షలు మూడేళ్లకు ఎఫ్‌డీ వేశాం. 7 శాతం వడ్డీ, మొత్తం చివర్లో తీసుకునే రకం. మొన్న సేవింగ్స్ పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే మార్చి 31న TDS అని 5,749 రూపాయలు డెబిట్ అయి ఉంది. ఆ ఖాతాలో ఎఫ్‌డీ వడ్డీ ఒక్క రూపాయి కూడా పడలేదు. ఎఫ్‌డీ స్టేట్‌మెంట్ చూస్తే ఆ రోజు కలిసిన వడ్డీ 14,748. టీడీఎస్ పది శాతమే కదా, 1,475 పోవాల్సిన చోట 5,749 ఎలా పోయింది? అమ్మకు వేరే ఆదాయం కూడా లేదు. ఆ డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు:

బ్యాంకు లెక్క సరిగ్గానే ఉందండీ. కట్ అయింది పది శాతమే, కాకపోతే ఆ పది శాతం మార్చి 31న కలిసిన వడ్డీ మీద కాదు, ఏడాది మొత్తం వడ్డీ మీద. డబ్బు వెనక్కి వస్తుంది, కానీ బ్యాంకు నుంచి కాదు.

నేను బ్యాంకులో డిపాజిట్ల సీటులో చాలాకాలం పనిచేశాను. ఏప్రిల్ మొదటి వారాల్లో కౌంటర్ దగ్గరికి పాస్‌బుక్ పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. వాళ్లకు కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది కాబట్టి, మీ 8 లక్షల మీద జూన్ చివరికి 14,000 వచ్చింది. సెప్టెంబరు చివరికి 8,14,000 మీద 14,245. డిసెంబరు చివరికి 14,494. అప్పటికి కలిపితే 42,739. 2025-26లో అరవై ఏళ్లలోపు వాళ్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే టీడీఎస్ కట్ చేయాలి. దాటలేదు కాబట్టి మూడు క్వార్టర్లూ బ్యాంకు ఊరుకుంది. మార్చి 31న ఇంకో 14,748 కలిసేసరికి మొత్తం 57,487 అయింది, పరిమితి దాటిపోయింది.

చాలామంది పొరబడేది ఇక్కడే. 50,000 దాటిన తర్వాత పైన ఉన్న 7,487 మీదే పన్ను అనుకుంటారు. ఆ పరిమితి మినహాయింపు కాదు. దాటనంతవరకూ కోత ఉండదు, దాటితే మొదటి రూపాయి నుంచీ ఉంటుంది. 57,487లో పది శాతం 5,749. ఏడాది పొడవునా ఆగినదంతా ఒకేసారి వచ్చి ఒక క్వార్టర్ వడ్డీ పక్కన నిలబడింది, అందుకే దాదాపు 39 శాతం కోసినట్టు కనిపిస్తోంది. అన్ని బ్యాంకులూ ఇలా చివరిదాకా ఆగవు. కొన్నిచోట్ల సిస్టమ్ ఈ ఏడాది ఎంత వడ్డీ రాబోతోందో ముందే అంచనా వేసి, దాటుతుందనిపిస్తే మొదటి క్వార్టర్ నుంచే కొంచెం కొంచెం కట్ చేస్తుంది. ఏడాది చివరికి మొత్తం ఒకటే.

ఇక సేవింగ్స్ ఖాతాలోంచి ఎందుకు తీశారంటే, ఎఫ్‌డీ తెరిచినప్పుడు ఆ ఖాతాను దానికి జతచేసి ఉంటారు. వడ్డీ చేతికి రాకపోయినా, అసలులో కలిస్తే చాలు, చట్టం దృష్టిలో వచ్చినట్టే. పన్ను కోయాల్సిందే. జతచేసిన ఖాతాలో సొమ్ము లేకపోతే చాలా బ్యాంకులు ఎఫ్‌డీలోంచే తీసుకుంటాయి. నిజానికి సేవింగ్స్‌లోంచి పోవడమే మీకు నయం. మీ రసీదు మీద మూడేళ్ల తర్వాత వచ్చే మొత్తం సుమారు 9,85,151 అని ఉండాలి. ఈ 5,749 ఎఫ్‌డీలోంచి పోయి ఉంటే మిగతా రెండేళ్లు దాని మీద వచ్చే వడ్డీ కూడా పోయి, చివర్లో చేతికొచ్చేది దాదాపు 6,600 తగ్గేది. మెచ్యూరిటీ రోజున రసీదులో ఉన్నంత ఇవ్వలేదని గొడవపడేవాళ్లలో చాలామంది కథ ఇదే.

మీ డిపాజిట్ ఏప్రిల్ 1న మొదలైంది కాబట్టి క్వార్టర్లు ఆర్థిక సంవత్సరంతో సరిగ్గా కలిసిపోయాయి. అందరికీ ఇంత శుభ్రంగా కలవదు. మే 15న వేసిన డిపాజిట్‌కు వడ్డీ ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి 15ల్లో కలుస్తుంది. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి 31 దాకా నెలన్నర వడ్డీ పాస్‌బుక్‌లో కనిపించేది మే నెలలో. కానీ బ్యాంకు మార్చి 31న తన పుస్తకాల్లో ఆ నెలన్నర వడ్డీని ఇవ్వాల్సిన వడ్డీగా రాసుకుంటుంది, దాని మీద కూడా టీడీఎస్ కోస్తుంది. అందుకే పాస్‌బుక్‌లో వడ్డీ లైన్లన్నీ కూడితే ఒక అంకె, బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు చూపించేది ఇంకో అంకె వస్తుంది. ఇలాంటి తేడాకు కంగారుపడక్కర్లేదు, రిటర్నులో మాత్రం బ్యాంకు చూపించిన అంకెతోనే సరిపోల్చుకోవాలి.

నెలనెలా వడ్డీ చేతికి తీసుకునేవాళ్లకు మరో తికమక ఉంది. కొన్ని పాస్‌బుక్‌లలో వడ్డీ పూర్తిగా జమ అయి, కింద టీడీఎస్ విడిగా డెబిట్ అవుతుంది. కొన్నిటిలో పన్ను పోగా మిగిలినదే ఒకే లైన్‌లో పడుతుంది. నెలకు 5,500 రావాల్సిన చోట 4,950 పడిందంటే అదే. అలాంటప్పుడు పాస్‌బుక్ చూసి 4,950 చొప్పున ఆదాయం రాసుకుంటే తప్పు. రిటర్నులో 5,500 చొప్పునే చూపించాలి, తేడాను కట్టిన పన్నుగా చూపించుకోవాలి. మీ విషయంలోనూ అంతే. అమ్మగారి వడ్డీ ఆదాయం 57,487, టీడీఎస్ తీసేయగా మిగిలిన 51,738 కాదు.

డబ్బు నిజంగా అమ్మగారి పాన్ మీద జమైందో లేదో తెలిపేది పాస్‌బుక్ కాదు, ఫారం 26ఏఎస్. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆవిడ పాన్‌తో లాగిన్ అయి రిటర్నుల మెనూలో చూడొచ్చు, చాలా బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లోంచి కూడా తెరుచుకుంటుంది. అందులో బ్యాంకు పేరు కింద ఇచ్చిన వడ్డీ, కోసిన పన్ను, జమచేసిన పన్ను పక్కపక్కనే ఉంటాయి. అయితే ఇప్పుడే తెరిచి టెన్షన్ పడొద్దు. మార్చిలో కోసిన పన్నును బ్యాంకు ప్రభుత్వానికి జమచేయడానికి ఏప్రిల్ 30 దాకా, ఆ క్వార్టర్ వివరాలు దాఖలు చేయడానికి మే 31 దాకా గడువుంటుంది. ఆ తర్వాత పదిహేను రోజుల్లో ఫారం 16ఏ అనే సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి జూన్ మధ్యకొచ్చాక చూస్తే 57,487, 5,749 రెండూ కనిపించాలి. రూపాయి రెండు రూపాయల తేడా ఉంటే పట్టించుకోకండి.

అప్పుడు ఆవిడ పేరున రిటర్న్ వేయండి. 2025-26కు కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు కాబట్టి, ఈ వడ్డీ తప్ప వేరే ఆదాయం లేకపోతే 5,749 మొత్తం రీఫండ్ వస్తుంది. రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసుకోవాలి, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు మేనేజర్‌ను బతిమాలి ప్రయోజనం లేదు. జమచేసేసిన పన్నును శాఖ నుంచే తప్ప బ్యాంకు నుంచి తీసుకోలేం. ఒక్క సందర్భం వేరు: మీరు నిరుడే ఫారం 15జీ ఇచ్చి, రసీదు దగ్గరుండి, అయినా కోసి ఉంటే, బ్యాంకు ఆ సొమ్ము జమచేయకముందే రసీదుతో వెళ్లి అడగండి. సరిచేసే అవకాశం ఉంటుంది.

15జీ ఇవ్వలేదనే అనుకుంటున్నాను. మా వడ్డీ మీద పన్ను పడదు, కోయకండి అని పాన్ ఉన్నవాళ్లు బ్యాంకుకు ఇచ్చే డిక్లరేషన్ అది. అరవై నిండినవాళ్లకు 15హెచ్. ఏటా ఏప్రిల్‌లోనే ఇవ్వాలి, నిరుడు ఇచ్చింది ఈ ఏడాదికి చెల్లదు. 2026 ఏప్రిల్ 1 నుంచి పాత 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, పాత ఫారం నంబరు పట్టుకుని వెతక్కుండా, కౌంటర్‌లో టీడీఎస్ కోయకుండా ఇచ్చే డిక్లరేషన్ అని అడగండి, అప్పటికి ఏది నడుస్తుంటే అది ఇస్తారు. ఎఫ్‌డీ అలాగే ఉంటే రెండో ఏడాది వడ్డీ 61,600 దాకా వస్తుంది, అంటే మళ్లీ పరిమితి దాటుతుంది. మీ బ్యాంకు ముందే అంచనా వేసే రకమైతే జూన్ చివరిలోనే 1,500 దాకా కోత కనిపించొచ్చు. అందుకే ఆలస్యం చేయకండి. ఇచ్చాక ముద్రవేసిన కాపీ గానీ నెట్ బ్యాంకింగ్‌లో వచ్చే నంబరు గానీ దాచుకోండి. ఆ తర్వాత కొత్త ఎఫ్‌డీ వేస్తే దానికీ ఆ డిక్లరేషన్ వర్తిస్తుందా అని ఒకమాట అడగండి, కొన్ని బ్యాంకుల్లో ఒక్కో డిపాజిట్‌కు విడిగా ఎక్కించాలి.

డిపాజిట్‌ను రెండు ముక్కలు చేసి అదే బ్యాంకు వేరే బ్రాంచిలో వేస్తే తప్పించుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బ్రాంచిలన్నీ కలిపే లెక్కిస్తారు, రికరింగ్ డిపాజిట్ వడ్డీ కూడా అందులో కలుస్తుంది. సేవింగ్స్ ఖాతా వడ్డీ మాత్రం కలపరు, దాని మీద టీడీఎస్ లేదు. జాయింట్ డిపాజిట్ అయితే మామూలుగా మొదటి పేరు వాళ్ల పాన్ మీదే పన్ను పడుతుంది, డబ్బు ఎవరిదైనా సరే.

పాస్‌బుక్ చూస్తూనే చేయగల పరీక్ష ఒకటుంది. ఏడాదిలోని టీడీఎస్ లైన్లన్నీ కూడి, ఏడాది వడ్డీతో భాగించండి. పదో వంతు వస్తే అంతా సవ్యమే. ఐదో వంతు వస్తే, అంటే మీ లెక్కలో 11,497 పోయి ఉంటే, బ్యాంకు దగ్గర పాన్ లేదని గానీ, ఆధార్‌తో లింక్ కాక పాన్ పనిచేయడం లేదని గానీ అర్థం. ఒకావిడకు రెండు కస్టమర్ ఐడీలు ఉండి, ఒకదానికి మాత్రమే పాన్ ఎక్కించి ఉండటం నేను చూశాను. రెండో ఐడీ కింద ఉన్న ఎఫ్‌డీ మీద 20 శాతం పోయింది. పాన్ లేకుండా జమైన పన్ను ఆవిడ 26ఏఎస్‌లో కనిపించదు, కనిపించనిదాన్ని రీఫండ్‌గా రాబట్టడం కష్టం. అలాంటప్పుడు పాన్ కాపీతో లెటర్ రాసిచ్చి, ఐడీలు రెండూ కలపమని, ఆ క్వార్టర్ టీడీఎస్ రిటర్నును పాన్‌తో సవరించమని బ్యాంకును అడగాలి. సవరించాక మళ్లీ 26ఏఎస్ చూసుకుని, అప్పుడే ఐటీ రిటర్న్ వేయాలి.