పేరుకు ఫ్రీలాన్సర్, పనికి ఉద్యోగి: ప్రసూతి సెలవు అడిగితే బయటపడ్డ లెక్క

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సుల కంపెనీలో మూడేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా చేస్తున్నాను. ఉదయం 10 నుంచి సాయంత్రం 7 దాకా ఆఫీసులోనే. నెలకు 45,000. అందులో 10 శాతం టీడీఎస్ పోగా 40,500 వస్తుంది. పీఎఫ్ లేదు, రిటర్న్ ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు నాకు ఐదో నెల. ప్రసూతి సెలవు అడిగితే ‘మీరు ఫ్రీలాన్సర్, ఆరు నెలలు డబ్బు రాదు’ అన్నారు. మావారికి షోరూమ్‌లో 20,000 జీతం, ఈఎస్‌ఐ, పీఎఫ్ పోగా 18,000 వస్తుంది. ఇంటి ఖర్చు 45,000. 2 లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నాం, ఇంకా 7 నెలలుంది. చేతిలో 30,000 ఉంది. బ్యాంకు లోన్ ఇవ్వలేదు. తెలిసినవాళ్లు నూటికి 3 రూపాయల వడ్డీకి 3 లక్షలు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దమ్మా. మూడు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 9,000. మీకు ఆదాయం లేని ఆరు నెలల్లో వడ్డీకే 54,000 పోతుంది, అసలు మూడు లక్షలూ అలాగే నిలబడి ఉంటుంది. పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని ప్రతి నెలా ఒకటో తారీఖున వడ్డీ కోసం వెతుక్కునే పరిస్థితి మీకెందుకు? పైగా మీ లెక్కలు రెండుసార్లు వేసి చూశాను. మీకు అసలు అప్పే అవసరం లేదు.

మీ ఉత్తరం ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. ‘పీఎఫ్ కోతలు లేవు, చేతికి ఎక్కువ వస్తుంది’ అనుకుని కన్సల్టెంట్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. వాళ్లంతా ఆ మొత్తాన్ని జీతంలాగే లెక్కేసుకుని, జీతగాళ్లలాగే ఖర్చు పెడతారు. ఉద్యోగికి వెనకాల ఉండే ఆసరా తమకు లేదన్న సంగతి ఆస్పత్రి మెట్లెక్కే రోజు దాకా గుర్తుకు రాదు.

ముందు మీరు ఎవరో తేల్చుకుందాం. అగ్రిమెంట్‌లో ఫ్రీలాన్సర్ అని రాసినంత మాత్రాన ఫ్రీలాన్సర్ అయిపోరు. పని నిజంగా ఎలా జరుగుతోందన్నదే చట్టం చూస్తుంది. దీనికి మన ఊరి కేసే ఒకటుంది. సికింద్రాబాద్‌లోని సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్‌లో దర్జీలకు కుట్టిన బట్టల లెక్కన కూలి ఇచ్చేవారు. వాళ్లు రోజంతా షాపులో ఉండాలన్న రూలు లేదు. రాని రోజున సెలవు చీటీ పెట్టక్కర్లేదు. వేరే చోట పని చేసుకున్నా అడిగేవారు లేరు. కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టుకొచ్చేవారు కూడా. అయినా వాళ్లు ఆ షాపు పనివాళ్లేనని 1973లో సుప్రీంకోర్టు తేల్చింది. షాపులో కుట్టుమిషన్లు యజమానివి. కుట్టు నచ్చకపోతే మళ్లీ కుట్టమనే అధికారం కూడా ఆయనదే. ఆ పెత్తనం ఉన్నచోట పేరు ఏదైనా పనివాడే అన్నది ఆ తీర్పు సారం.

ఇప్పుడు మీ సంగతి చూడండి. ఆ దర్జీలకున్న వెసులుబాటు కూడా మీకు లేదు. పది గంటలకల్లా ఆఫీసులో ఉండాలి, సెలవు కావాలంటే అడగాలి. మూడేళ్లుగా ఒకే కంపెనీ, నెల నెలా ఒకే మొత్తం. నిజమైన ఫ్రీలాన్సర్ తన రేటు తానే చెబుతుంది, నలుగురైదుగురికి పని చేస్తుంది, సొంత సిస్టమ్ వాడుతుంది, నచ్చని పని వద్దంటుంది. మీకు ఇందులో ఏదీ లేనట్టుంది. రాత్రిళ్లు బయటివాళ్లకు పోస్టర్లు చేసి ఉంటే మీ వాదన కాస్త పలచబడుతుంది, కానీ పోదు.

ఉద్యోగి అని తేలితే మీకు రావాల్సింది చిన్న మొత్తం కాదు. పది మంది, అంతకు మించి పనిచేసే ఆఫీసులో, ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన మహిళకు మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాలు పూర్తి జీతంతో సెలవు ఇవ్వాలి. 2025 నవంబర్ 21న పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చినా ఈ 26 వారాలు, 80 రోజులు మారలేదు. మీ 45,000 మీద అది సుమారు 2.7 లక్షలు. మీరు అప్పు తెద్దామనుకున్నది 3 లక్షలు! ఒక్క మాట మార్చి కంపెనీ మిగుల్చుకుంటున్న డబ్బునే మీరు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోబోతున్నారు.

‘మీ అగ్రిమెంట్ పదకొండు నెలలే, మళ్లీ రెన్యువల్ చేయం’ అని భయపెడతారు. కాంట్రాక్టు మీద పనిచేసే మహిళకు ఆ గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా దక్కాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. గర్భంతో ఉండగా తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకోదు.

అయితే హక్కు ఉండటం వేరు, ఏడో నెలలో ఇంటి అద్దె కట్టడం వేరు. కంపెనీ కాదంటే మీరు కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయాలి, వాళ్లు నోటీసు ఇవ్వాలి, కంపెనీ మీ అగ్రిమెంట్ చూపించి వాదించాలి. ఇదంతా అయ్యేసరికి మీ పాపో బాబో నడక నేర్చినా ఆశ్చర్యం లేదు. అందుకే నేను ఎవరికైనా ముందు అత్యవసర నిధి గురించే చెబుతాను. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్న మనిషి హెచ్‌ఆర్ ముందు మాట్లాడే తీరు వేరు, వచ్చే నెల ఎలాగా అనే టెన్షన్‌తో కూర్చున్న మనిషి మాట్లాడే తీరు వేరు. రెండో మనిషి ఏ కాగితం పెట్టినా సంతకం చేసి వస్తుంది.

కాబట్టి కంపెనీ ఒక్క రూపాయి కూడా ఇవ్వదనే అనుకుని లెక్క వేద్దాం. మీవారి 18,000 పోగా ఇంటి ఖర్చుకు నెలకు 27,000 తక్కువ పడుతుంది. ఆరు నెలలకు 1,62,000. అప్పటికి చీటీ ఇంకా మూడు నెలలే మిగులుతుంది కాబట్టి దానికి 30,000. మొత్తం 1,92,000 కావాలి.

అది ఎక్కడి నుంచి వస్తుంది? చేతిలో 30,000 ఉంది. ఇక మీరు మరిచిపోయిన డబ్బు ఒకటుంది, టీడీఎస్. నెలకు 4,500 చొప్పున ఏడాదికి 54,000 ప్రభుత్వం దగ్గర మీ పాన్ మీద జమై ఉంది. మీ ఆదాయం ఏడాదికి 5.40 లక్షలే. కొత్త పన్ను విధానంలో రిబేటు పోగా మీరు కట్టాల్సిన పన్ను సున్నా. రిటర్న్ వేస్తే ఆ 54,000 మొత్తం వెనక్కి వస్తుంది. వడ్డీకి పోగొట్టుకుందామనుకున్నదీ సరిగ్గా అంతే, గమనించారా? ముందు మీ ఫారం 26ఏఎస్ తీసి, కంపెనీ కోసుకున్న డబ్బు నిజంగా కట్టిందో లేదో చూడండి. అంతకుముందు రెండేళ్ల రిటర్న్‌లకు మామూలు గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపన్ను శాఖకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. అది నెలలు పట్టే పని, దాన్ని ఈ లెక్కలో కలపకండి, కానీ ఆడిటర్‌తో దరఖాస్తు మాత్రం వేయించండి. బ్యాంకు మీకు లోన్ ఇవ్వకపోవడానికీ చాలావరకు ఈ రిటర్న్‌లు లేకపోవడమే కారణమై ఉంటుంది. శాలరీ స్లిప్ లేని మనిషి ఆదాయానికి బ్యాంకు చూసే రుజువు అదే.

ఈ నాలుగు నెలలూ ఖర్చు బిగించి నెలకు 10,000 పక్కన పెట్టండి, 40,000 అవుతుంది. ఇప్పటికి 1,24,000. మిగిలిన 68,000 కోసం చీటీ ఉంది. ఈ నెలే పాడుకోవద్దు, పాటలో పోయేది ఎక్కువ ఉంటుంది. ప్రసవం నాటికి మూడు నెలలే మిగులుతాయి కాబట్టి అప్పుడు పాట పెద్దగా పోదు, కమిషన్ పోగా ఒకటిన్నర లక్షకు పైనే చేతికి రావాలి. జామీను ఎవరిస్తారో మాత్రం ఇప్పుడే చూసుకోండి. చాలామందికి చీటీ డబ్బు ఆలస్యమయ్యేది అక్కడే. ఇదంతా తలకిందులైతే చివరి దారిగా బ్యాంకులో బంగారం పెట్టుకోండి, రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతుంది. లోన్ యాప్‌ల జోలికి మాత్రం అసలే వెళ్లకండి.

ఆస్పత్రి ఖర్చు ఈ లెక్కలో వేయలేదు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీవారి జీతంలో ఈఎస్‌ఐకి నెలకు 150 రూపాయలు పోతోంది. ఆ కార్డు మీద భార్యకూ వైద్యం ఉచితం, కాన్పుతో సహా. మీ పేరు, ఆధార్ అందులో ఎక్కించారో లేదో ఈ వారమే కనుక్కోమనండి. ముందుగానే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళ్లి ఒకసారి చూపించుకోండి. ప్రైవేటు ఆస్పత్రే కావాలనుకుంటే ఆ ఖర్చుకు చీటీ డబ్బులో మిగిలినదే దిక్కు. ఇప్పుడు కొత్తగా హెల్త్ పాలసీ తీసుకున్నా ఈ కాన్పుకు పనికిరాదు, ప్రసూతి ఖర్చుకు ఏళ్ల తరబడి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. టర్మ్ పాలసీ ప్రసవం అయ్యాక ఇద్దరూ తీసుకోండి.

పీఎఫ్ సంగతి ఒక మాట. ఇంతకుముందు ఏదైనా ఉద్యోగంలో మీకు పీఎఫ్ ఖాతా ఉండి, అందులో డబ్బు అలాగే ఉంటే, ఈ కంపెనీ కనీసం 15,000 జీతం మీద తన వాటాగా నెలకు 1,800 కట్టి ఉండాల్సింది. మూడేళ్లకు 64,800. దానితోపాటు ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరిగితే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షలు ఇచ్చే బీమా కూడా పోయింది. ఇదే మీ మొదటి ఉద్యోగమై, చేరినప్పుడే బేసిక్ 15,000 దాటి ఉంటే పీఎఫ్ కోసం గట్టిగా అడగలేరు. ప్రసూతి ప్రయోజనానికి ఆ పరిమితి లేదు, కాబట్టి బలమంతా అక్కడే పెట్టండి.

ఇక కంపెనీతో ఎలా మాట్లాడాలి? ముందు కాగితాలు పోగు చేయండి. సెలవు అడిగిన మెయిళ్లు, మేనేజర్ టైమింగ్స్ గురించి పెట్టిన మెసేజ్‌లు, అటెండెన్స్ స్క్రీన్‌షాట్లు, ఐడీ కార్డు ఫోటో, మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్. నెల నెలా ఇన్‌వాయిస్ ఇలా పెట్టండి అని వాళ్లే ఫార్మాట్ పంపి ఉంటే అది మరీ ముఖ్యం. ఆఫీసు మెయిల్ రేపు ఆపేస్తే ఇవేవీ దొరకవు కాబట్టి మీ సెలవులు, హాజరుకు సంబంధించినవి ఈ వారమే సొంత మెయిల్‌కు పంపుకోండి, కంపెనీ డిజైన్ ఫైళ్లు మాత్రం ముట్టుకోకండి. తర్వాత హెచ్‌ఆర్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాయండి. డాక్టర్ ఇచ్చిన తేదీ, ఎప్పటి నుంచి సెలవు కావాలో, 26 వారాల ప్రసూతి ప్రయోజనం కోరుతున్నానని, అంతే. నిందలు వద్దు, కోర్టు మాట వద్దు. నోటితో చెప్పిన ‘మీరు ఫ్రీలాన్సర్’ అన్న మాట వాళ్లు కాగితం మీద రాయడానికి చాలాసార్లు వెనకాడతారు. మొత్తం కాకపోయినా కొన్ని నెలల జీతానికి బేరానికి వచ్చే కంపెనీలను నేను చూశాను. కాదని రాతపూర్వకంగా చెబితే ఆ జవాబుతోనే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.

ఈలోగా వెనకటి తేదీతో కొత్త అగ్రిమెంట్ పెట్టి సంతకం చేయమంటే మాత్రం చేయకండి. ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతానని చెప్పి వచ్చేయండి.