మోటార్ 4 ఎప్పుడు, 5 ఎప్పుడు?

"జీఎన్ఎం సెకండియర్, శ్రీకాకుళం. కోమా స్కేల్‌లో నేను మోటార్ 4 వేస్తే సిస్టర్ 5 అంటున్నారు. తేడా ఎలా పట్టాలి? మొత్తం స్కోరు ఒకటే రాస్తే చాలదా?"

నేను విజయనగరంలో ట్రామా వార్డులో చేస్తాను. మీరు నొప్పి ఎక్కడ ఇస్తున్నారో ముందు చూసుకోండి. గోరు మీద పెన్నుతో నొక్కితే ఎవరైనా చెయ్యి వెనక్కి లాక్కుంటారు, దాంతో 4, 5 తేడా తేలదు. కళ్ళు తెరుస్తారా లేదా చూడడానికి ఆ నొక్కుడు సరిపోతుంది. మోటార్‌కి మాత్రం మెడకీ భుజానికీ మధ్య కండరాన్ని పట్టుకుని, మెల్లగా ఒత్తిడి పెంచుతూ పది సెకన్ల వరకు పిండండి. చెయ్యి కాలర్ బోన్ దాటి పైకి, మీ చేతి వైపు వస్తే 5. మోచెయ్యి గబుక్కున మడిచినా అంత ఎత్తుకి రాకపోతే 4. చెయ్యి నెమ్మదిగా ఛాతీ మీదకి ముడుచుకుని, బొటనవేలు పిడికిట్లో బిగుసుకుంటే 3. మోచెయ్యి చాపుకుపోతే 2. రెండు చేతులూ వేరువేరుగా ఉంటే బాగున్న చేతి స్కోరు వేసి, రెండోది బలహీనంగా ఉందని పక్కన రాయండి.

6 వెయ్యాలంటే "చెయ్యి పట్టుకో" అంటే పట్టుకోవడం ఒక్కటే చాలదు, వదలమంటే వదలాలి కూడా. అరచేతిలో వేలు పెడితే తెలివి లేకున్నా బిగించేవాళ్లుంటారు.

వర్బల్‌లో పేరు, ఉన్న చోటు, నెల అడుగుతాం. మన వైపు ముసలమ్మ "పుష్యమాసం" అంటే, అది నిజమైతే తప్పేం లేదు, 5 వెయ్యండి. వాక్యాలు మాట్లాడుతూనే అయోమయంగా జవాబిస్తే 4, పొంతన లేని విడి మాటలైతే 3, మూలుగైతే 2.

మొత్తం ఒక్కటే ఎందుకు చాలదో ఒక కేసుతో చెప్తాను. బైక్ మీంచి పడిన కుర్రాడు, రాత్రి ఎనిమిదికి E3 V4 M6, మొత్తం 13. ఎనిమిదిన్నరకీ అంతే. తొమ్మిదికి నొక్కితేనే కళ్ళు తెరిచాడు, మూలుగు తప్ప మాట లేదు, చెయ్యి నా చేతి మీదకొచ్చింది: E2 V2 M5, మొత్తం 9. వాళ్లమ్మ "నిద్రపోతున్నాడు, లేపకండి" అంటోంది. నిద్రే అయితే పిలిస్తే లేచి మునుపటిలా మాట్లాడాలి, చెప్పింది చెయ్యాలి. కుడి కంటిపాప కూడా పెద్దదైంది. తర్వాతి అరగంట రీడింగ్ కోసం ఆగకుండా అప్పుడే డ్యూటీ డాక్టర్‌ని పిలిచాం. సీటీలో పుర్రె లోపల రక్తం గడ్డ కనిపించింది. ఫోన్లో "పదమూడు నుంచి తొమ్మిది" అని మాత్రమే చెప్తే ఏది పడిందో అవతల డాక్టర్‌కి తెలియదు. మోటార్ 6 నుంచి 5కి దిగిందని, పాప పెద్దదైందని విడిగా చెప్పాలి. మూడింటిలో మోటార్ తగ్గుదలకే ఎక్కువ విలువ.

గొంతులో ట్యూబ్ ఉంటే వర్బల్‌కి 1 వెయ్యకండి, పరీక్షించలేం అని అర్థం వచ్చేలా NT అని రాసి కారణం పక్కన పెట్టండి. కళ్ళు వాచి మూసుకుపోయినా అదే పద్ధతి, అలాంటప్పుడు మొత్తం కూడకూడదు. డ్యూటీ మారేటప్పుడు దిగే సిస్టర్, ఎక్కే సిస్టర్ ఇద్దరూ మంచం దగ్గరే కలిసి ఒకసారి చూసి రాస్తే, మీకొచ్చిన 4, 5 గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది.