మెంతుల వీడియోకి డిస్‌క్లెయిమర్ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది చిన్న హెల్త్ ఛానెల్. వంటింటి చిట్కాల స్క్రిప్టులు నేనే రాస్తాను. వీడియో మొదట్లో "ఇది అవగాహన కోసం మాత్రమే, డాక్టర్‌ను సంప్రదించండి" అని వేస్తే సరిపోతుందా? స్క్రిప్టులో ఆధారం లేని మాటలు ఉంటే ఏం చేయాలి?

జవాబు:

సరిపోదండి. నిజమైన మాట ఎంతవరకు వర్తిస్తుందో చెప్పడానికి డిస్‌క్లెయిమర్ పనికొస్తుంది, అంతే. తప్పు మాటను అది సరిచేయలేదు. ఆరోగ్య వీడియోల స్క్రిప్టులు దిద్దడం నా పని. నా దగ్గరికి తరచూ వచ్చేది షుగర్‌కి మెంతులు అనే అంశం కాబట్టి దాన్నే తీసుకుని చెబుతాను.

అలాంటి స్క్రిప్టులో ఒక పేరా సాధారణంగా ఇలా ఉంటుంది: "రోజూ పరగడుపున ఒక చెంచా నానబెట్టిన మెంతులు తినండి. పదిహేను రోజుల్లో షుగర్ నార్మల్‌కి వచ్చేస్తుంది, ఇక మాత్రలతో పనే ఉండదు. ఇది శాస్త్రవేత్తలు నిరూపించిన నిజం." చదవడానికి ఒకే మాటలా ఉంటుంది గానీ ఇందులో నాలుగు వేర్వేరు మాటలు ఉన్నాయి. ముందు వాటిని విడదీసి నాలుగు వరుసల్లో రాసుకోండి. ఒక్కో వరుసకు ఆధారం విడిగా వెతకాలి.

మెంతులు షుగర్ మీద పనిచేస్తాయన్నది మొదటిది. దీనికి ఆధారం ఉంది, అదీ మన ఊరి నుంచే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు మెంతిపిండి కలిపిన భోజనం పెట్టి పరీక్షించారు. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. పరగడుపు షుగర్ తగ్గింది. కారణం కూడా తెలిసిందే: మెంతుల్లో నీళ్లు పీల్చి జిగురులా ఉబ్బే పీచు ఉంటుంది, దానివల్ల తిన్న అన్నం నుంచి గ్లూకోజ్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

అయితే చాలామంది ఇక్కడితో ఆగిపోయి "ఆధారం దొరికింది" అని టిక్ పెట్టేస్తారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. ఎంత ఇచ్చారు? కొవ్వు తీసేసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. ఎన్నాళ్లు? 10 రోజులు. ఎవరికి? ఇన్సులిన్ మీద ఆధారపడినవాళ్లకు. మీ స్క్రిప్టులో చెప్పింది ఒక చెంచా, అంటే సుమారు 4 గ్రాములు. ఆ పరిశోధన పేరు చెప్పి ఈ చెంచాను సమర్థించలేం. ఆరోగ్య స్క్రిప్టుల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. పరిశోధన నిజమే, కానీ అది మీరు చెబుతున్న మోతాదు గురించి కాదు. అందుకే ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి, ఏం కొలిచారు అని నాలుగూ సరిచూసే వరకు "పరిశోధనలో తేలింది" అనే మాట రాయకండి.

రెండోది పదిహేను రోజుల్లో నార్మల్ అవడం. షుగర్ అదుపులో ఉందా లేదా అని డాక్టర్లు చూసే హెచ్‌బీఏ1సీ పరీక్ష సుమారు గత మూడు నెలల సగటును చెబుతుంది. పదిహేను రోజుల్లో గ్లూకోమీటర్‌లో కనిపించే తగ్గుదల ఆ పూట ఏం తిన్నారు, ఎంత నడిచారు అన్నదాన్ని బట్టి కూడా వస్తుంది. కాబట్టి ఈ వాక్యాన్ని కొట్టేయడమే. "మా అత్తయ్యకు మూడొందలు ఉండేది నూట నలభైకి వచ్చింది" లాంటి అనుభవాలదీ ఇదే ఇబ్బంది. మొదటిది తిన్నాక చూసిందా, రెండోది పరగడుపున చూసిందా? మధ్యలో అన్నం తగ్గించారా, మందు మార్చారా? ఇవి తెలియకపోతే ఆ అంకెలు స్క్రిప్టులోకి రాకూడదు.

మూడోది, మాత్రలతో పనిలేదన్నది. ఇక్కడ "బహుశా", "అవకాశం ఉంది", "పెద్దలు అంటారు" అని మెత్తబరిచి ఉంచేద్దామనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. వినేవాళ్ల చెవికి "మాత్రలు అక్కర్లేదు" అన్నదే చేరుతుంది. టైప్ 1 ఉన్న పిల్లాడికి ఇన్సులిన్ ఆపితే కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి వాక్యానికి డిస్‌క్లెయిమర్ వెతకడం అనవసరం, తీసేయాల్సిందే.

నాలుగోది "శాస్త్రవేత్తలు నిరూపించారు". దీని బదులు ఎవరు, ఎంత ఇచ్చి చూశారో చెప్పండి. అన్నీ సరిచేశాక పేరా ఇలా వస్తుంది:

"మెంతుల్లో ఉండే పీచు, అన్నం తిన్నాక షుగర్ ఒక్కసారిగా పెరగకుండా కొంత ఆపుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో దీన్ని పరీక్షించారు. కానీ వాళ్లు వాడింది రోజుకు వంద గ్రాముల పిండి. ఒక్క చెంచాతో అంత ఫలితం వస్తుందని చెప్పలేం. మీరు షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే వాటిని ఆపకండి. మెంతులు ఎక్కువగా తీసుకోవాలనుకుంటే ముందు డాక్టర్‌కి చెప్పండి, మందుతో కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే చక్కెర నీళ్లు తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి."

డిస్‌క్లెయిమర్ ఈ పేరాలోనే కలిసిపోయింది చూడండి. ఎవరు జాగ్రత్తపడాలి, ఎందుకు, ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి అన్నవన్నీ చిట్కా పక్కనే ఉన్నాయి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మీ వీడియోలోంచి ముప్పై సెకన్ల ముక్క కోసి షార్ట్‌గా వేస్తారు, లేదా ఎవరో ఫ్యామిలీ గ్రూపులో పంపుతారు. మొదట్లో వేసిన నల్ల స్లైడ్ అందులో ఉండదు. హెచ్చరిక అదే ఊపిరిలో ఉంటే కోసినా వెంట వస్తుంది.

స్పాన్సర్ ఉంటే ఇది మంచి పద్ధతిగా పాటించేదే కాదు, నిబంధన కూడా. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తప్పుదారి పట్టించే మాటను డిస్‌క్లెయిమర్‌తో సరిదిద్దే ప్రయత్నం చేయకూడదు. ప్రకటన ఏ భాషలో ఉంటే అదీ ఆ భాషలోనే ఉండాలి. మాట వాయిస్ ఓవర్‌లో చెబితే దానికి తగ్గట్టు అదే సమయానికి తెర మీద కనిపించాలి. తెలుగులో గట్టిగా చెప్పి, కింద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు పరిగెత్తిస్తే చెల్లదు. ఇక ఆ స్పాన్సర్ షుగర్ తగ్గించే పొడి అమ్ముతుంటే ఇంకా జాగ్రత్త. జబ్బు నయమవుతుందంటూ మందుల ప్రకటనలు వేయకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చెప్పే జబ్బుల పట్టికలో డయాబెటిస్ ఉంది.

థంబ్‌నెయిల్‌నీ వదలకండి. లోపల ఎంత జాగ్రత్తగా రాసినా, బయట "షుగర్ మాయం" అని ఉంటే చాలామందికి గుర్తుండేది అదే. "షుగర్‌కి ఒక చెంచా మెంతులు చాలా?" అని అడగండి. జవాబు మాత్రం మొదటి నిమిషంలోనే ఇచ్చేయండి. ఆలస్యం చేస్తే సగంలో వెళ్లిపోయినవాళ్లు "చాలు" అనుకునే వెళ్తారు.

స్క్రిప్టు పనిచేసిందో లేదో కామెంట్లు చెబుతాయి. "మెట్‌ఫార్మిన్ ఆపేయొచ్చా అండి?" అని ఇద్దరు ముగ్గురు అడిగారంటే, ఎక్కడో ఒక వాక్యం వాళ్లకు అలా వినిపించింది. "ఆపకండి" అని జవాబిచ్చి, దాన్ని పైన పిన్ చేయండి. తర్వాత ఆ వాక్యం ఏదో కనిపెట్టండి. యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటర్‌లో ట్రిమ్ చేసి ఆ ముక్క వరకు తీసేయొచ్చు. లింక్, వ్యూస్ అలాగే ఉంటాయి కాబట్టి ఛానెల్ ఓనర్‌ని ఒప్పించడం కూడా సులువే.