చేతిలో లేని షేరును ఎలా అమ్ముతారు?

ప్రశ్న: వార్తల్లో షార్ట్ సెల్లింగ్ అంటున్నారు. లేని షేర్లు ఎలా అమ్ముతారు? నా డీమ్యాట్‌లో ఉన్నవాటికి ప్రమాదమా?

ధర పడుతుందనుకున్నవాడు ముందు అమ్మి, తర్వాత కొంటాడు. 500 రూపాయలున్న షేర్లు 100 అమ్మాడనుకోండి. 450కి దిగాక కొని అప్పజెబితే, ఖర్చులు లెక్కేయకపోతే 5,000 మిగులుతాయి. అదే 650కి ఎక్కితే 15,000 చేతినుంచి పెట్టుకోవాలి. షేరు కొన్న మీకు నష్టం పెట్టిన డబ్బు దాటదు. అతనికి హద్దే లేదు, ధర ఎంతైనా ఎక్కొచ్చు కదా.

మన దేశంలో మామూలు ఖాతాదారు నగదు మార్కెట్లో ఇలా అమ్మితే ఆ రోజే తిరిగి కొనేయాలి. అసలు టెన్షన్ అక్కడే. షేరు అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు ధర ఎక్కగల పై హద్దు, తాకితే అమ్మేవాళ్లు దొరకరు, అతను తిరిగి కొనేలోపే మార్కెట్ ముగిసిపోతుంది. అప్పుడు ఎక్స్ఛేంజ్ వేలంలో ఆ షేర్లు కొని కొన్నవారికి ఇస్తుంది. ఆ ధర ఎక్కువైతే తేడా అమ్మినవాడి నెత్తినే. ఎక్కువ రోజులు ఆగాలంటే ఫ్యూచర్స్‌లో, అంటే రాబోయే తేదీకి ఇప్పుడే ధర ఒప్పుకునే ఒప్పందాల్లో, అమ్మాలి, లేదా షేర్లు అద్దెకు తెచ్చుకోవాలి.

మీ షేర్లను మీ అనుమతి లేకుండా అలా అద్దెకు ఇవ్వరు. 2023 జనవరిలో అదానీ కంపెనీలపై అమెరికా షార్ట్ సెల్లింగ్ సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చినప్పటిలా ధర కుప్పకూలొచ్చు గానీ, షేర్ల సంఖ్య తగ్గదు. అలాంటి నివేదిక చదివేటప్పుడు, ధర పడితే రాసినవాళ్లకే లాభమన్నది గుర్తుంచుకోండి. అలాగని అందులోవన్నీ అబద్ధాలనీ కాదు.