ఒకటో తరగతి తీసుకున్న స్రవంతికి

హనుమకొండ,
జూన్ మొదటి వారం

బిడ్డా స్రవంతీ,

నర్సంపేట అవతల ఊరిబడిలో ఒకటో తరగతిని నువ్వే అడిగి తీసుకున్నావని, అక్షరాల ధ్వనులు కలిపి చదివించే ఫోనిక్స్ పద్ధతిలో ఇంగ్లిషు నేర్పబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. రాత్రి పడుకున్నాక భయం కూడా పట్టుకుంది. మన ప్రభుత్వ బడుల్లోకి ఇంగ్లిషు మాధ్యమం 2022లో వచ్చింది. నీ దగ్గరికి వచ్చేవారిలో తండా పిల్లలూ ఉంటారు. వాళ్ల ఇంటి భాష లంబాడీ, బడిలోనూ బజారులోనూ తెలుగు, ఇప్పుడు ఇంగ్లిషు మూడోది. అలాంటి పిల్లవాడు చదవలేకపోతే వెంటనే మొద్దు అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడటం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ ఉత్తరం.

నీకు శిక్షణలో చెప్పిన సంగతులు మళ్లీ చెప్పను. రోజూ పొద్దున అదే సమయానికి ఒక అరగంట కేటాయించు. చిన్న అక్షరాలతోనే మొదలుపెట్టు. ఏ, బీ, సీ వరుస పట్టుకోకుండా ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ముందు నేర్పు. వాటి తరువాత ఎమ్ చేర్చు. ఈ కొద్ది అక్షరాలతోనే బోలెడన్ని చిన్న మాటలు తయారవుతాయి. ఇరవై ఆరూ అయ్యేదాకా ఆగవద్దు. మొదటి మూడు ధ్వనులు రాగానే వాటిని కలిపించడం మొదలుపెట్టు.

ఇక మన బడుల్లో ఎప్పటినుంచో నడుస్తున్న ఒక తప్పు గురించి వివరంగా రాస్తాను. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మాత్రం మరవకు.

నేను పనిచేసిన ఒక బడిలో ఒక ఉపాధ్యాయుడు ఫోనిక్స్ చెప్పేవారు. మనిషి మంచివారు, కష్టపడేవారు. ఎమ్ చూపించి ‘మ’ అనేవారు, టీ చూపించి ‘ట’ అనేవారు. ఒకరోజు బోర్డు మీద మ్యాట్ అని రాసి ఒక తండా బాబును లేపారు. వాడు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ‘మ, ఆ, ట’ అన్నాడు. కలిపి చదవమన్నారు. వాడు క్షణం ఆలోచించి ‘మాట’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది. ఆయన వాడిని కూర్చోబెట్టి ఇంకొకరిని లేపారు. ఆ రోజు తరువాత ఆ బాబు బోర్డు వైపు చూడటమే మానేశాడు.

నువ్వే చెప్పు బిడ్డా, వాడు చేసిన తప్పేమిటి? ఇచ్చిన ధ్వనులను ఒక్కటీ వదలకుండా కలిపాడు. మ, ఆ, ట కలిస్తే మాటే అవుతుంది. బ్యాట్ ఇస్తే బాట అనేవాడు, ప్యాట్ ఇస్తే పాట అనేవాడు. కలపడం వాడికి చక్కగా వచ్చు. వాడి చేతికి ఇచ్చిన ధ్వనులే తప్పు. మన క, చ, ట, త, ప అన్నింటిలోనూ ‘అ’ దాగి ఉంటుంది. ఇంగ్లిషు ఎమ్‌లో ఆ ‘అ’ లేదు. అది ఉత్త మ్, పొల్లు హల్లు. టీ ఉత్త ట్. పిల్లలకు జూన్‌లో పొల్లు అంటే తెలియదు, చెప్పనూ అక్కరలేదు. వాళ్లు నీ నోటి నుంచి విన్నదే పలుకుతారు. కాబట్టి సరిచేసుకోవలసింది ముందు నీ నోరు.

బడి తెరిచేలోపు ఇంట్లో కూర్చుని సాధన చెయ్యి. మ్, స్, న్ అనేవి ఊపిరి ఉన్నంతసేపు సాగదీయగల ధ్వనులు. పెదవులు మూసి మ్‌మ్‌మ్ అని చూడు, ‘అ’ దూరే సందే ఉండదు. ట్, ప్ సాగవు. వాటిని గొంతు కలపకుండా గుసగుసగా, పొట్టిగా వదిలెయ్యి. అరచేయి గొంతు మీద పెట్టుకుని ప్ అను. గొంతు అదిరిందంటే నువ్వు ‘ప’ అన్నట్టే. బ్, డ్ అన్నిటికన్నా కష్టం, ఎంత జాగ్రత్తగా పలికినా కాస్త ‘అ’ తగులుకుంటుంది. అందుకే బ్యాట్, డాగ్ వంటివి మొదటి నెలలో పెట్టుకోకు. సాగే ధ్వనితో మొదలై ట్ లేదా ప్‌తో ముగిసే మాటలు ముందు ఎంచుకో. మ్యాట్, స్యాట్, మ్యాప్, న్యాప్, సిట్, సిప్ చాలు.

మ్యాట్ మధ్యలో ఇంగ్లిషు ‘ఏ’ అక్షరం పలికే ధ్వనికి తెలుగులో విడిగా అక్షరం లేదు కానీ మన పిల్లల నోటికి అది కొత్త కాదు. మన దగ్గర ఇళ్లలో మేకను మ్యాక అంటారు కదా, మ్యాట్‌కు కావలసింది అదే నోటి తీరు.

సౌండ్ బటన్ల సంగతికి వస్తాను. మాట కింద ఒక్కో ధ్వనికి ఒక్కో చుక్క పెట్టు. మ్యాట్‌కు మూడు చుక్కలు. పిల్లవాడు ఒక్కో చుక్కను నొక్కుతూ ధ్వని పలుకుతాడు, చివర మాట కింద వేలితో ఎడమ నుంచి కుడికి జరుపుతూ మొత్తం చదువుతాడు. ఇది అందరూ చెప్పేదే. అయితే చాలామంది పిల్లలు మూడో చుక్క నొక్కేసరికి మొదటి ధ్వని మరిచిపోతారు. ‘మ్... ట్...’ అని నీ ముఖం చూస్తారు, లేదా ‘టిమ్’ అని తోచింది అనేస్తారు. అప్పుడు ‘మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు’ అని వెంటపడితే లాభం లేదు. మూడో అక్షరాన్ని నీ అరచేత్తో మూసెయ్యి. మొదటి రెండు చుక్కలను ఆగకుండా కలిపించు. మ్‌మ్‌ అంటూనే నోరు తెరిస్తే మ్యా. దాన్ని రెండుసార్లు అనిపించి అప్పుడు చెయ్యి తియ్యి. మ్యా, ట్. మ్యాట్.

ఈ దారి మన పిల్లలకు సులువుగా ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్ల చెవి గుణింతానికి అలవాటుపడిన చెవి. హల్లూ అచ్చూ కలిసిన ముక్క వాళ్లకు ఒకే అక్షరం లెక్క. ఆ ముక్కను ముందు పట్టుకుని దానికి చివర ధ్వని తగిలిస్తారు. అలా చేస్తే గుర్తుంచుకోవలసినవి మూడు కాదు, రెండే. అయితే ‘మకు గుడి ఇస్తే మి’ అన్న పాటను మాత్రం ఇక్కడికి తీసుకురాకు. అక్కడ గుణింతపు గుర్తు మారుతుంది, ఇక్కడ పక్కన ఇంకో అక్షరం వచ్చి కూర్చుంటుంది. రెండూ కలిస్తే పిల్లలు తికమకపడతారు.

రెండు అక్షరాలు కలిసి ఒకే ధ్వని పలికే చోట చుక్క పెట్టకూడదు, గీత గీయాలి. షిప్‌లో నాలుగు అక్షరాలున్నా ధ్వనులు మూడే. ఎస్, హెచ్ రెంటి కిందా ఒక గీత, తరువాత రెండు చుక్కలు. దసరా సెలవుల దాకా దీని జోలికి వెళ్లకు.

ఇంకొకటి. నీ పిల్లలు మ్యాట్‌ను ‘మ్యాటు’ అంటారు, టిన్‌ను ‘టిన్ను’ అంటారు. తెలుగు మాట అచ్చుతో ముగియాలని నాలుక కోరుతుంది. మనమందరం బస్సు, పెన్ను అనే అంటాం. దీనికి కసురుకున్నావంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ‘టిన్ను’ అన్న పిల్లవాడు చదివాడు. ముందు అవునని తల ఊపు, ఆ తరువాత నువ్వు ‘టిన్’ అని శుభ్రంగా పలుకు. రాయించేటప్పుడు మాత్రం జాగ్రత్త. చివర యూ అక్షరం తగిలించి రాస్తారు. అప్పుడు బటన్లు లెక్కపెట్టించి, ఆఖరి చుక్క దగ్గర నోరు ఆగిపోవాలని చూపించు.

పది పన్నెండు మాటలు కలపగలిగాక చిన్న పాఠం ఇవ్వాలి. నేర్చిన ధ్వనులు తప్ప అందులో ఇంకేమీ ఉండకూడదు. నువ్వే రాసుకోవచ్చు. ‘స్యామ్ స్యాట్. టిమ్ స్యాట్. స్యామ్ స్యాట్ ఇన్ ఎ టిన్. ట్యాప్, టిమ్, ట్యాప్.’ పైన చెప్పిన ఏడు అక్షరాలతో ఇంత వస్తుంది. ‘ఎ’ అన్న ఒక్క మాటను మాత్రం ముందే చదివి చెప్పు, ఎందుకంటే అక్కడ ఆ అక్షరం మ్యాట్‌లో పలికినట్టు పలకదు. డబ్బాలో కూర్చున్న స్యామ్‌ను, బయటి నుంచి తట్టే టిమ్‌ను పిల్లలు బాగా ఇష్టపడతారు. మన పిల్లల పేర్లు పెడదామని నీకు తప్పకుండా అనిపిస్తుంది. నీ మనసు నాకు తెలుసు. కానీ ఇప్పుడే వద్దు. రవి పేరును ఇంగ్లిషులో రాస్తే అందులోని ‘ఏ’ అనే అక్షరం ‘అ’ అని పలుకుతుంది. నేర్పిన ధ్వనిని నువ్వే చెరిపినట్టవుతుంది.

పాఠానికి బొమ్మ వెయ్యి, అయితే చదవడం అయ్యేదాకా కాగితంతో మూసి ఉంచు. బొమ్మ కనిపిస్తే అక్షరాలను వదిలి బొమ్మను చదువుతారు. పైగా రెండు రోజుల్లో పాఠం మొత్తం కంఠస్థం చేసి గడగడా అప్పజెబుతారు. తల్లిదండ్రులు మురిసిపోతారు, తనిఖీకి వచ్చినవారూ మెచ్చుకుంటారు. నువ్వు మాత్రం మోసపోకు. చివరి వాక్యం ముందు చదివించు. మధ్యలోని ఒక్క మాట మీద వేలు పెట్టి అడుగు. స్యాట్‌లో ఒక్క అక్షరం మార్చి సిట్ చెయ్యి. ‘నిమ్’, ‘మిప్’ వంటి అర్థం లేని మాట రాసి ఇవ్వు. వాటిని కలిపి చదివితే వచ్చినట్టు. నీ ముఖం వైపు చూస్తే ఇంకా రాలేదు.

అందరితో ఒకేసారి అనిపించడం కొంతసేపే ఉండాలి. ఆ గోలలో మౌనంగా పెదవులు కదిపేవారు ఎప్పుడూ ఉంటారు, వాళ్లే నీ సాయం కావలసినవారు. రోజుకు నలుగురైదుగురిని విడిగా పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరితో మూడు మాటలు చదివించి విను. ఏ చుక్క దగ్గర ఆగారో నోటుబుక్కులో రాసుకో. ధ్వని రాకపోవడం వేరు, ధ్వనులు వచ్చీ కలపలేకపోవడం వేరు. మొదటివారికి అక్షరం మళ్లీ నేర్పాలి, రెండోవారికి అరచెయ్యి అడ్డం పెట్టాలి. ఎవరైనా ‘మాట’ అంటే నవ్వనివ్వకు, నువ్వూ నవ్వకు. ఆ రోజు నీ మ్‌కు ‘అ’ తగిలిందేమో చూసుకో.

సాయంత్రం ఆఖరి బస్సు దాకా బడిలో ఉండిపోకు. వానాకాలం ఆ దారి నాకు తెలుసు. జూన్ 12 లోపు ఒక ఆదివారం ఇటు రా. నీ నోట మ్, ట్, ప్ విన్నాకే నాకు నిద్ర పడుతుంది. వచ్చేటప్పుడు రాసుకున్న పాఠాలు తీసుకురా, నేర్పని ధ్వని ఎక్కడైనా దూరిందేమో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ