టెక్ సందేహాలు: ఫోటో చూసి యాప్ 3 రోల్స్ అంటే, షాపు 4 ఎందుకు అంటోంది?

ప్రశ్న: మా ఇల్లు విజయనగరంలో, నేను ఉండేది హైదరాబాద్‌లో. హాల్లో టీవీ గోడకి వాల్‌పేపర్ వేయిద్దామని నాన్న ఫోటో పంపారు. దాన్ని ఒక యాప్‌లో పెట్టి, తలుపు ఎత్తు 7 అడుగులు అని ఇస్తే గోడ 11 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అని చూపించి, వేస్టేజీతో కలిపి 3 రోల్స్ చాలంది. షాపాయన 4 కావాలంటున్నాడు. రోల్ మీద 53 సెం.మీ. × 10.05 మీ., డిజైన్ 64 సెం.మీ. అని ఉంది. ఆయన ఒక రోల్ ఎక్కువ అంటగడుతున్నాడా?

జవాబు: లేదు, ఆయన చెప్పిందే సరైన లెక్క. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి. శ్రీకాకుళం నుంచి కూడా వచ్చాయి. అన్నిట్లోనూ తగాదా ఒకటే, యాప్ తక్కువ చెబుతుంది, షాపు ఎక్కువ చెబుతుంది, అనుమానం షాపాయన మీదికి పోతుంది. అందుకే ఈ వారం ఈ ఒక్క ప్రశ్నే తీసుకున్నాను.

మీ యాప్ చేసింది వైశాల్యం లెక్క. 11.75 అడుగులను 10తో గుణిస్తే 117.5 చదరపు అడుగులు. రోల్ ఒకటి 57 చదరపు అడుగులు. భాగిస్తే 2.1, పది శాతం వేస్టేజీ కలిపితే 2.3, అందుకని 3. టైల్స్‌కో పెయింట్‌కో అయితే ఇలా లెక్కేయొచ్చు. వాల్‌పేపర్‌ని మాత్రం పైనుంచి కిందికి నిలువు పట్టీలుగా కోసి అంటిస్తారు. రోల్ చివర రెండున్నర మీటర్లు మిగిలినా మూడు మీటర్ల గోడకి అది పట్టీగా పనికిరాదు. పైగా పక్క పట్టీలోని పువ్వు ఈ పట్టీలోని పువ్వుతో కలవాలి. గళ్ల చొక్కా కుట్టేటప్పుడు గళ్లు కలవడానికి టైలర్ గుడ్డ ఎక్కువ తెమ్మంటాడు కదా, ఇదీ అంతే. కాబట్టి లెక్కించాల్సింది చదరపు అడుగులు కాదు, ఒక్కో రోల్‌లో పూర్తి పట్టీలు ఎన్ని వస్తాయన్నది.

మీకు రాసే ముందు నాన్నగారిని టేపుతో ఒకసారి కొలవమన్నాను. గోడ వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగుల 3 అంగుళాలు వచ్చింది. తలుపు ద్వారబంధంతో కలిపి 7 అడుగుల 2 అంగుళాలు ఉంది. తేడా మొదలైంది ఇక్కడే. మీరు ఫోటోలో గీత గీసింది ద్వారబంధం పై అంచు వరకు, ఇచ్చిన కొలత మాత్రం 7 అడుగులు. తలుపు దగ్గర రెండు అంగుళాలు తగ్గితే, అదే నిష్పత్తిలో 123 అంగుళాల ఎత్తు 120గా, 144 అంగుళాల వెడల్పు 141గా కనిపించింది.

మూడు అంగుళాలే కదా అనిపిస్తుంది. ఆ మూడు అంగుళాలు ఏం చేస్తాయో చూడండి. 10 అడుగులంటే 305 సెం.మీ. పైనా కిందా కత్తిరించుకోవడానికి చెరో 5 సెం.మీ. వదలాలి కాబట్టి పట్టీ 315. డిజైన్ ప్రతి 64 సెంటీమీటర్లకి మళ్లీ మొదలవుతుంది. పక్క పట్టీ కూడా డిజైన్‌లో అదే చోట మొదలవ్వాలి గనుక రోల్‌లో ఒక పట్టీ మొదలు నుంచి తర్వాతి పట్టీ మొదలు వరకు దూరం 64కి గుణిజం అవ్వాలి. 315 దాటాక వచ్చే మొదటి గుణిజం 320. అంటే పట్టీకి 5 సెంటీమీటర్లే వృథా, 1005 సెం.మీ. రోల్‌లో మూడు పట్టీలు వస్తాయి. అసలు ఎత్తు 10 అడుగుల 3 అంగుళాలు, అంటే 312 సెం.మీ. కోతతో కలిపి 322. ఇది 320ని రెండు సెంటీమీటర్లు దాటింది. తర్వాతి గుణిజం 384. ఇప్పుడు ఒక్కో పట్టీకి 62 సెం.మీ. వృథా. రెండు పట్టీలు తీశాక రోల్‌లో మూడోదానికి చోటు లేదు.

వెడల్పు 12 అడుగులంటే 366 సెం.మీ. 53తో భాగిస్తే 6.9, అంటే ఏడు పట్టీలు. రోల్‌కి మూడు చొప్పున 3 రోల్స్, రెండు చొప్పున 4. షాపాయన ఈ లెక్క కాగితం మీద వేశారో అనుభవంతో చెప్పారో తెలీదు గానీ, ఆయన మాట విని తీరాలి. 3 రోల్స్‌తో పని మొదలుపెడితే ఆరు పట్టీలు అంటించాక చివరి మూల ఖాళీగా ఉండిపోతుంది.

ఈ యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నా కోపం కూడా దీనికే. వేస్టేజీ శాతం అడిగే గడి పెడతారు, డిజైన్ ఎన్ని సెంటీమీటర్లకి తిరిగొస్తుందో అడిగే గడి పెట్టరు. వృథా శాతంలో పెరగదు, మెట్లుగా పెరుగుతుంది. 310 సెం.మీ. ఎత్తు వరకు ఒక లెక్క, 311 అయితే ఇంకో లెక్క. పది శాతం అనే అంకెకి ఇక్కడ అర్థమే లేదు. రోల్ లేబుల్ మీద ముద్రించి ఉన్న ఒక సంఖ్యని అడగడానికి బద్ధకించి, దాని బదులు త్రీడీ ప్రివ్యూ, గోడ రంగులు మార్చే బొమ్మలు పెట్టడం నిర్లక్ష్యం. ఆ తప్పుడు అంకెని నమ్మి జనం డబ్బులు కడుతున్నారు.

యాప్ అక్కర్లేదు, ఫోన్‌లోని ఏ స్ప్రెడ్‌షీట్ అయినా చాలు. B1లో గోడ వెడల్పు, B2లో ఎత్తు, B3లో రోల్ వెడల్పు, B4లో రోల్ పొడవు, B5లో డిజైన్ రిపీట్, అన్నీ సెంటీమీటర్లలో పెట్టండి. డిజైన్ కలపనక్కర్లేని ప్లెయిన్ పేపర్ అయితే B5లో 1 పెట్టండి. తర్వాత B6 నుంచి B9 వరకు వరసగా ఇవి:

```
=ROUNDUP(B1/B3,0)
=CEILING(B2+10,B5)
=INT((B4-B2-10)/B7)+1
=ROUNDUP(B6/B8,0)
```

B6 పట్టీల సంఖ్య, B8 రోల్‌కి వచ్చే పట్టీలు, B9 కొనాల్సిన రోల్స్. మీ కొలతలు వేస్తే 7, 2, 4 వస్తాయి. ఫోటోలో వచ్చిన ఎత్తుని పది సెంటీమీటర్ల దాకా అటూ ఇటూ మార్చి చూడండి. B9 మారకపోతే ఫోటో కొలత చాలు. మారితే మాత్రం టేపు తప్పదు. ఇది నేరుగా పక్కపక్కన కలిసే డిజైన్లకి పనికొచ్చే లెక్క. లేబుల్ మీద 64/32 అని రెండు అంకెలుంటే పక్క పట్టీ సగం డిజైన్ కిందికి జరిగి కలుస్తుంది, అప్పుడు కోత వరస మారుతుంది. అలాంటిది కొంటే అంటించే మేస్త్రీని లెక్క అడగండి.

ఇక ఫోటో విషయం. దూరంగా ఉన్నవాళ్లకి ఫోటో తప్ప దారి లేదు, నాకు తెలుసు. అయితే గదిలో ఏదో ఒక వస్తువుని కొలబద్దగా తీసుకోకండి. శ్రీకాకుళం పాఠకుడు ఒకరు గోడకి ఆనించిన ఫ్రిజ్ ఎత్తుని ఇచ్చారు. ఫ్రిజ్ ముందు భాగం గోడకి 70 సెం.మీ. ఇవతల ఉంటుంది. ఫోటో మూడున్నర మీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రిజ్ నాలుగో వంతు పెద్దగా కనిపిస్తుంది, దాంతో 12 అడుగుల గోడ తొమ్మిదిన్నర అడుగుల దగ్గరికి పడిపోతుంది. కొలబద్ద గోడ మీదే ఉండాలి. గోడ మీద సరిగ్గా 2 మీటర్ల దూరంలో రెండు టేపు ముక్కలు నిలువుగా ఒక జత, అడ్డంగా ఒక జత అంటించమనండి. గోడకి మధ్యలో నిలబడి, ఫోన్‌ని గోడ ఎత్తులో సగం దగ్గర నిటారుగా పట్టుకుని, 1x లెన్స్‌తో తీయాలి. గోడ పట్టడం లేదని 0.5xకి మారిస్తే అంచులు సాగిపోతాయి. ఫోన్‌ని పైకి వంచి తీస్తే గోడ పై భాగం చిన్నదై, ఎత్తు తక్కువ చూపిస్తుంది.

ఈ మొత్తం వ్యవహారంలో రోల్ లెక్క కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే ఉంది. మీ ఉత్తరం చివర, యాప్ గ్యాలరీ మొత్తానికి అనుమతి అడిగితే ఇచ్చేశానని రాశారు. ఒక గోడ కొలవడానికి మీ ఆధార్ ఫోటో, నాన్నగారి పాస్‌బుక్ మొదటి పేజీ, యూపీఐ స్క్రీన్‌షాట్లు ఉన్న గ్యాలరీ అంతా ఎందుకు? ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి, ఫోటోల అనుమతిని ఇప్పుడే తీసేయండి. ఆండ్రాయిడ్ 14 నుంచీ, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచీ, ఎంచుకున్న ఫోటోలు మాత్రమే చూపించే వీలుంది. దానికి ఒప్పుకోని యాప్ ఏదైనా సరే, తీసేయడమే మంచిది.

ఇంకొకటి, క్లారిటీ పోకూడదని నాన్నగారు ఫోటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపారన్నారు. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ అందులోని లొకేషన్ వివరాలు తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అవి అలాగే వస్తాయి. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే, మీ ఇల్లు సరిగ్గా ఎక్కడుందో ఆ ఫైల్లో రాసి ఉంటుంది. ఆ ఫైల్‌నే యాప్‌లో పెట్టారు, కొటేషన్ కోసం ఆన్‌లైన్ అమ్మకందార్లకి కూడా పంపానన్నారు. టీవీ, పక్కన బీరువా, వైఫై రౌటర్ కనిపించే హాలు ఫోటో, దానికి తోడు ఇంటి లొకేషన్. ఆ ఇంట్లో ఉండేది పెద్దవాళ్లిద్దరే. ఇది చిన్న విషయం కాదు. నాన్నగారి ఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ట్యాగ్ ఆపేయించండి. ఇకపై ఎవరికైనా పంపాల్సి వస్తే గోడ వరకే కనిపించేలా పెట్టి స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని పంపండి. నిష్పత్తి మారదు, లొకేషన్ వెళ్లదు. రౌటర్ మీది స్టిక్కర్ పాస్‌వర్డ్‌నే ఇంకా వాడుతుంటే, ఆ స్టిక్కర్ ఫోటోలో పడిందేమో చూసి మార్చేయండి.

ఆర్డర్ పెట్టే ముందు మేస్త్రీతో ఒక మాట. గోడకి సరిగ్గా మధ్యలో, టీవీ వెనక, పట్టీ మధ్యభాగం వచ్చేలా మొదలుపెడితే ఏడు పట్టీలు చాలు, ఒకటి మిగులుతుంది. అక్కడ జాయింట్ వచ్చేలా మొదలుపెడితే అటు నాలుగు, ఇటు నాలుగు, ఎనిమిదీ అయిపోతాయి. మొదటి పద్ధతే అడగండి. నాలుగు రోల్స్ ఒకేసారి తీసుకుని, లేబుల్స్ మీద బ్యాచ్ నంబర్ ఒకటే ఉందో లేదో షాపులోనే చూసుకోమని నాన్నగారికి చెప్పండి. బ్యాచ్ మారితే రంగులో తేడా గోడ మీద అంటించాక గానీ కనిపించదు, విప్పి కోసిన రోల్ వెనక్కి తీసుకోమంటే ఏ షాపువాళ్లూ తీసుకోరు.