వాడి గిన్నె సరే, మీ కంచం ఎక్కడ?

మేడమ్, మా బాబుకి రెండేళ్ల రెండు నెలలు. మొదటి పుట్టినరోజుకి 9 కిలోలు ఉన్నాడు, ఇప్పుడు 11 కిలోల 400 గ్రాములు. అన్నం గిన్నె చూస్తేనే నోరు బిగిస్తాడు. ఫోన్‌లో పాటలు పెట్టి, చాక్లెట్ ఆశ చూపి నాలుగు ముద్దలు పెట్టేసరికి గంటన్నర పడుతుంది. ఒక్కోరోజు అత్తయ్య కాళ్లు పట్టుకుంటే నేను నోట్లో కుక్కుతాను, వెంటనే కక్కేస్తాడు. కడుపు మాడుతుందేమోనని రోజుకి మూడు పెద్ద సీసాల ఫుల్ క్రీమ్ పాలు, మధ్యలో బిస్కెట్లు ఇస్తున్నాం. 'నీకు పెట్టడం చేతకాదు' అంటారు అత్తయ్య. మా ఆయన రాత్రి తొమ్మిదింటికి వచ్చి చెప్పులు విప్పుతూనే 'బాబు తిన్నాడా?' అంటారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్. వాడికి తినిపించాక ఎప్పటికో నేను తింటాను. ఆకలి పుట్టించే మంచి టానిక్ చెప్పండి.
- ఒక తల్లి, నిజామాబాద్

టానిక్ చెప్పను. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ఆకలి సిరప్‌లలో తరచూ ఉండేది సైప్రోహెప్టడిన్. అది అలర్జీకి వాడే మందు. పిల్లలు మత్తుగా పడుకుంటారు, వాడినన్నాళ్లు నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు, ఆపేస్తే మళ్లీ మొదటికే. డాక్టర్ చూసి రాయకుండా దాని జోలికి వెళ్లకండి.

అసలు మీ వాడికి ఆకలి లేదని ఎవరన్నారు? ఆకలి తీరిపోయి ఉంటోంది, అంతే. పెద్ద సీసా అంటే 250 మిల్లీలీటర్లు అనుకుందాం. మూడు సీసాలు 750. ఫుల్ క్రీమ్ పాలలో అది సుమారు 650 కేలరీలు. నాలుగు బిస్కెట్లకి ఇంకో వంద వేసుకోండి. ఆ వయసు పిల్లాడికి రోజుకి కావలసింది వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఇక అన్నానికి చోటెక్కడ ఉంది? పైగా పాలలో ఇనుము దాదాపు ఉండదు, ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా కూడా అడ్డుపడతాయి. పాలమీదే పెరిగే పిల్లలు బొద్దుగా కనిపిస్తూనే రక్తం తక్కువై పాలిపోతారు. రక్తం తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు ఇంకో సీసా కలుపుతారు.

బరువు గురించి ఒక్క మాట. తొలి ఏడాదిలో పుట్టిన బరువుకి మూడింతలయ్యే పిల్లలు, రెండో ఏడాదిలో రెండు రెండున్నర కిలోలు పెరిగితే చాలు. పెరుగుదల నెమ్మదించినప్పుడు తిండీ తగ్గుతుంది. ఈ వయసు మగపిల్లాడు 10 కిలోల కంటే తక్కువ ఉంటే నేనూ కంగారు పడేదాన్ని. మీ వాడు మొదటి నుంచీ కాస్త సన్నం, తన గీత మీద తను పెరుగుతున్నాడు. పెరిగే పిల్లాడి కాళ్లు పట్టుకోవడం దేనికి?

ఆ కుక్కడం ఈ రోజుతో ఆపండి. ఏడుస్తూ ఊపిరి పీల్చే పిల్లాడి నోట్లో ముద్ద పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అది చిన్న ప్రమాదం కాదు. చాక్లెట్ లంచం కూడా అంతే. 'బీరకాయ తింటే చాక్లెట్' అన్నప్పుడు వాడికి అర్థమయ్యేది ఒకటే, బీరకాయ శిక్ష అని. మన అమ్మమ్మలు చందమామను చూపించి ముద్ద పెట్టలేదా అంటారేమో. పెట్టారు. అదీ ఒక రకం ఏమార్చడమే, కాదనను. కానీ పిల్లాడు మొహం తిప్పుకుంటే ఆ ముద్ద మళ్లీ గిన్నెలోకి వెళ్లేది, లేదా అమ్మమ్మ నోట్లోకి.

ఇక నాకు గుచ్చుకున్న విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అత్తగారి మీద కోపం ఉంది, పిల్లాడి మీద బాధ ఉంది, మీ ఆయన గురించి మాత్రం ఒక్క వాక్యం. నాకు ఆ వాక్యమే అసలు సమస్యగా కనిపిస్తోంది. రోజంతా మీరు చేసిన చాకిరీకి రాత్రి తొమ్మిదింటికి ఒక పరీక్ష, అందులో పిల్లాడి గిన్నె మీ మార్కుల కాగితం. అందుకే అది ఖాళీ అయ్యేదాకా మీకు ఊపిరాడదు. వాడి నోట్లో మీరు కుక్కుతున్నది అన్నం కాదు, మీ భయం. ఆయన చెడ్డవాడని అనడం లేదు. ప్రేమతోనే అడుగుతుండొచ్చు. కానీ వాడి తండ్రి ఇంటికొచ్చి లెక్క అడగాల్సినవాడు కాదు, పక్కన కూర్చుని తినాల్సినవాడు. ఈ ఉత్తరం ఆయనతో చదివించండి. అత్తగారికి నచ్చజెప్పాల్సిందీ ఆయనే. కోడలు చెబితే ఎదురు మాటవుతుంది, కొడుకు చెబితే ఇంటి మాటవుతుంది.

ఇంకొకటి గమనించారా? మీ వాడు వాళ్లమ్మ అన్నం తినగా సరిగా చూసి ఉండడు. వాడికి తిండి అంటే ఒక్కడినే కూర్చోబెట్టి, చుట్టూ ముగ్గురు నోటికేసి చూసే తతంగం. మీరైనా అలా తినగలరా?

మొదట రాత్రి నిద్రలో ఇచ్చే సీసా ఉంటే అది ఆపండి. తర్వాత వారం పది రోజుల్లో పాలు రోజుకి 400, మహా అయితే 500 మిల్లీలీటర్లకి దించండి. సీసాలో కాదు, గ్లాసులో, తిన్న తర్వాతే. మూడు పూటల అన్నం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఒకదానికీ ఇంకోదానికీ రెండున్నర మూడు గంటల ఎడం. ఆ ఎడంలో మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు.

మధ్యాహ్నం మీరు, అత్తయ్య, వాడు కింద చాప మీద కూర్చోండి. మీరు తినేదే వాడి కంచంలో: రెండు చెంచాల పప్పన్నం నెయ్యితో, ఒక చెంచా బీరకాయ కూర, పావు వంతు ఉడికిన గుడ్డు మీకు అలవాటుంటే. వాడు ఎప్పుడూ కాదనని వస్తువు ఒకటి, పెరుగో అరటిపండో, పక్కన తప్పకుండా ఉండాలి. ఫోన్ వేరే గదిలో. 'తిను' అనకండి, తింటే చప్పట్లూ కొట్టకండి. మీ మాటలు మీరు మాట్లాడుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలకి వాడు లేస్తే కంచం తీసేయండి, మొహం మాడ్చకుండా. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మీ పని. ఎంత తినాలి అనేది వాడి కడుపు పని. తినలేదు కదా అని పది నిమిషాలకి బిస్కెట్ చేతికిచ్చారో, ఇంతా చేసింది గోదాట్లో కలిసినట్టే.

మొదటి నాలుగైదు రోజులు వాడు సీసా కోసం ఇల్లు పీకి పందిరేస్తాడు. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఒక పూట ఏమీ తినకపోతే రెండో పూట తింటాడు, కాబట్టి పూట లెక్క కాదు, వారం లెక్క చూడండి. కొత్త కూర పదిసార్లు, పదిహేనుసార్లు కంచంలో కనపడితే గానీ కొందరు పిల్లలు నోట్లో పెట్టరు. మూడుసార్లకే 'వాడికి బీరకాయ పడదు' అని తీర్పు ఇచ్చేయకండి. చేత్తో నలిపినా, వాసన చూసి వదిలేసినా అది ముందడుగే.

ఈలోగా పిల్లల డాక్టర్ దగ్గర ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. 11 కంటే తక్కువ వస్తే ఇనుము సిరప్ ఆయనే రాస్తారు, ఆ సిరప్‌కి నేను అడ్డు చెప్పను. వాడు మట్టి, సుద్ద తింటున్నా, మూడు నెలలుగా బరువు కదలకపోయినా, మెత్తగా చేసింది తప్ప పలుకు తగిలితే ఉక్కిరిబిక్కిరి అవుతున్నా, తినే పదార్థాలు రోజురోజుకీ తగ్గిపోతున్నా ఆగకుండా వెళ్లండి. అది మొండితనం కాకపోవచ్చు.

రాత్రి భోజనం ఎనిమిదింటికి పెట్టేయండి. వారంలో రెండు రోజులైనా ఆ వేళకి రమ్మని మీ ఆయనతో చెప్పండి. రాలేని రోజున మీరు ఆయన కోసం ఆగొద్దు, పిల్లాడి పక్కనే మీ కంచం పెట్టుకుని వేడివేడిగా తినేయండి. తొమ్మిదింటికి ఆయన వచ్చి అడిగితే, 'నేను తిన్నాను, వాడు తినగలిగినంత తిన్నాడు, మీకు వడ్డించనా?' అనండి.